"వచ్చావా?" "వచ్చాను": అంతకు మించి అడగకండి

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా నడిస్తే "ఏటి బావూ, ఎక్కడికి?" అని కనీసం ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు. మన గమ్యంతో వారికి పనిలేదు, "ఇలా బజారుకి" అంటే సరిపోతుంది. ఇటువంటి మాటలు సమాచారం కోసం కావని, బంధం నిలుపుకోవడానికేనని మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే రాశాడు. ఆటిజం ఉన్న చాలామందికి మాత్రం అది నిజమైన ప్రశ్నే. ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో ప్రతిసారీ అప్పటికప్పుడు తేల్చుకోవలసిరావడమే వారిని అలసటకు గురిచేస్తుంది.

నేనెరిగిన ఒక మందుల దుకాణంలో లెక్కలు చూసే యువకుడిని ఉదయాన్నే నలుగురు నాలుగు రకాలుగా పలకరించేవారు. పది గంటలకల్లా అతని అంకెలు తప్పేవి. చివరికి అందరూ కూర్చుని పలకరింపును ముందే ఖాయం చేసుకున్నారు. మొదట అనుకున్న "టిఫిన్ అయిందా?" పనికిరాలేదు, ఎందుకంటే తినని రోజున "అయింది" అనడం అతనికి అబద్ధమాడినట్టే. దాని స్థానంలో "వచ్చావా?" పెట్టారు. ఎదురుగా నిలబడినవాడు "వచ్చాను" అంటే అది ఏ రోజైనా నిజమే! ఆ వెంటనే "సరే, పని చూసుకుంటాను" అని అతనే ముగిస్తాడు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఈ ముగింపు వాక్యమే, ఎందుకంటే సంభాషణ ఎప్పుడు అయిపోయిందో ఊహించవలసిన బరువును అది తీసేస్తుంది.

ఒకరోజు యజమాని సరదాగా "రాక ఎక్కడికి పోతావులే" అన్నాడు. అతను మళ్లీ "వచ్చాను" అని, ఇంకోసారి అదే మాట అని, నీళ్ల నెపంతో బయటికి వెళ్లిపోయాడు. అదే మాట మళ్లీ మళ్లీ వస్తోందంటే ఒప్పందాన్ని ఎదుటివారు మీరారని గుర్తు. అలాంటప్పుడు అతను అనడానికి "తర్వాత చెబుతాను" అన్న అదనపు వాక్యం చేర్చాక ఆ చిక్కు చాలావరకు తగ్గింది. సిరిమానోత్సవం నాటి చుట్టాల గుంపులో మాత్రం ఏ ఒప్పందమూ నిలవదు.

రాసిపెట్టిన మాటలకు అలవాటు పడితే సొంత మాట రాదని కొందరు నిపుణుల భయం. వాక్యాన్ని చివరి నుంచి క్రమంగా తొలగిస్తూ పిల్లలను సొంత మాటలవైపు నడిపించే పద్ధతిని పరిశోధకులు క్రాంట్జ్, మెక్లానహన్ 1993లో ప్రచురించారు. పిల్లల శిక్షణకు అది ఉపయోగపడవచ్చు. కానీ పనిచేసుకునే పెద్దవాడి పలకరింపులోంచి ఊతకర్రను లాగేయడం ఎవరి సుఖం కోసం? అపార్థం ఇరువైపులా ఉంటుందని, తానూ ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో వాదించాడు. అందుచేత పాఠం ఒక్కరే వల్లిస్తే అది నటన అవుతుంది, ఇద్దరూ పాటిస్తేనే వెసులుబాటు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది, ప్రభుత్వ కార్యాలయాలు తగిన సర్దుబాట్లు చేయాలని ఆదేశించింది. సర్దుబాటు అనగానే మన అధికారులకు ర్యాంపు ఒక్కటే తోస్తుంది. ఇంటర్వ్యూ గదిలో తొలి నిమిషపు కుశల ప్రశ్నలకు తడబడినవాడిని "చొరవ లేదు" అని తోసిపుచ్చే బదులు, అడగబోయే మొదటి రెండు ప్రశ్నలను పిలుపు లేఖలోనే అచ్చువేయవచ్చు కదా. అదనపు ఖర్చు రెండు పంక్తుల సిరా.