సవరణ: బిట్‌మ్యాప్ ఇండెక్స్‌కు వంద విలువల హద్దు లేదు

"కాలమ్‌లో వేర్వేరు విలువలు వంద దాటితే బిట్‌మ్యాప్ ఇండెక్స్ పెట్టకూడదు" అని పోయినసారి రాశాను.

అది తప్పు. మొత్తం వరుసలతో పోలిస్తే ఆ విలువలు ఎంత తక్కువన్నదే ముఖ్యం. ఒరాకిల్ డేటా వేర్‌హౌస్ మాన్యువల్ ప్రకారం 10 లక్షల వరుసల్లో 10,000 విలువలున్న కాలమ్‌కూ ఇది పెట్టొచ్చు.

ఒక్కో విలువకు ఒక బిట్‌మ్యాప్, అందులో వరుసకో బిట్. 10 లక్షల వరుసల్లో నాలుగే ప్రాంతాలుంటే ఒక్కో బిట్‌మ్యాప్ 1,25,000 బైట్లు, మొత్తం 5 లక్షల బైట్లు. మామూలు బీ-ట్రీ ఇండెక్స్ అయితే వరుసల చిరునామాలకే, 6 బైట్ల చొప్పున, 60 లక్షలు పోతాయి. ఇదే లెక్కన 10,000 విలువలకు 125 కోట్ల బైట్లు కావాలని భయపడ్డాను, కంప్రెషన్ సంగతి మరిచి. అక్కడ ఒక్కో బిట్‌మ్యాప్‌లో సగటున 100 ఒకట్లే ఉంటాయి. మధ్యలోని పొడవాటి సున్నాల వరుసలు బాగా కుదించుకుపోతాయి.

ఇంకో మాట. ఆడా మగా అన్న కాలమ్‌పై ఒంటరి ఇండెక్స్ పెద్దగా ఉపయోగపడదు, సగం టేబుల్ ఎలాగూ చదవాలి. అసలు లాభం ఇలాంటి ప్రశ్నల్లో:

```sql
SELECT COUNT(*) FROM sales
WHERE region = 'SOUTH' AND channel = 'WEB';
```

రెండు కాలమ్‌లకూ బిట్‌మ్యాప్ ఇండెక్స్‌లుంటే, రెండిటినీ AND చేసి ఒకట్లు లెక్కపెడితే చాలు, టేబుల్‌ను ముట్టుకోనక్కర్లేదు.

రోజంతా అప్‌డేట్లు జరిగే టేబుల్‌కు మాత్రం వద్దన్నది అలాగే ఉంది. ఒక్క వరుసలో ఆ కాలమ్ విలువ మార్చినా ఆ బిట్‌మ్యాప్ ముక్కలోని మిగతా వరుసలూ లాక్ అవుతాయి.