గీత పొడుగు, గొడవ అంతకన్నా పొడుగు

బెంగళూరులో మారతహళ్ళి చుట్టుపక్కల మనవాళ్ళుండే అపార్ట్‌మెంట్లలో నీళ్ళ ట్యాంకరుకు ఒక ఉపసంఘం ఉంది, పార్కింగుకు ఒకటుంది, వినాయక చవితికి రెండున్నాయి. భిన్నాలకు మాత్రం ఇంతవరకూ వెయ్యలేదు. ఇది తీవ్రమైన పరిపాలనా లోపం. రాత్రి తొమ్మిదింటికి ఎవరో ఒకరు పిల్లాడి హోంవర్కు ఫొటో గ్రూపులో పెడతారు. పైన 12, దాని కింద గీత, తర్వాత 3, మళ్ళీ గీత, అడుగున 2. పది నిమిషాల్లో బి బ్లాకు ‘ఎనిమిది’ అంటుంది, సి బ్లాకు ‘రెండు’ అంటుంది. రెండు బ్లాకుల్లోనూ అందరూ ఇంజినీర్లే కాబట్టి తగ్గేవారెవరూ ఉండరు.

విచారకరమైన విషయమేమిటంటే, ఇద్దరి లెక్కా తప్పు కాదు. పై గీత పొడుగైతే అదే అసలు గీత. అప్పుడు 12ని మూడు బై రెండుతో భాగించాలి, అంటే 12ని 2తో గుణించి 3తో భాగించాలి, 8 వస్తుంది. కింది గీత పొడుగైతే ముందు 12 బై 3, అంటే 4, దాన్ని 2తో భాగిస్తే 2. అడుగునున్న అంకె ఒక పద్ధతిలో పైకెక్కి గుణిస్తుంది, రెండో పద్ధతిలో కిందే కూర్చుని భాగిస్తుంది. అందుకే మొదటి జవాబు రెండోదానికి ఎప్పుడూ ఆ అంకె వర్గమన్ని రెట్లుంటుంది. ఇక్కడ అడుగున 2 ఉంది కనుక నాలుగింతలు. అడుగున 10 ఉంటే నూరింతలు. ఒకటి ఉంటే ఏ తేడా రాదు, కానీ అలాంటి ఫొటో గ్రూపులోకి ఎవరు పంపుతారు?

ఈ దశలో సి బ్లాకు అంకుల్ ఒకాయన ఫోన్ తీసి కాలిక్యులేటర్లో `12/3/2` అని కొట్టి, తెర ఫొటోను సాక్ష్యంగా సమర్పిస్తారు. యంత్రం 2 అంది, ఇంకేం కావాలి? ఏటవాలు గీతలు ఎన్ని వచ్చినా యంత్రం ఎడమ నుంచి కుడికి భాగిస్తూ పోతుంది. ఆయన టైపు చేసిన క్షణంలోనే గీతల పొడుగు మాయమైంది, అంటే తీర్పు ఆయనే ఇచ్చేసి యంత్రం చేత సంతకం పెట్టించారు. ఎనిమిది కావాలంటే `12/(3/2)` అని కుండలీకరణం పెట్టాల్సిందే. కొలమానాల అంతర్జాతీయ నియమావళిలోనూ ప్రమాణాలు రాసేటప్పుడు కుండలీకరణం లేకుండా ఒకే వరసలో రెండు ఏటవాలు గీతలు వాడకూడదనే ఉంది. మన సంఘం బైలాలో ఇంకా చేర్చలేదు.

ఇక ఫొటో సంగతి. “ఫోన్ వంచి తీశారండీ, అందుకే కింది గీత పెద్దగా కనబడుతోంది” అనే వాదన బలంగా వినిపిస్తుంది. కొట్టిపారెయ్యండి. భిన్నం మొత్తం ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లుంటుంది. మామూలుగా వంచితే అంతలో వచ్చే తేడా కొద్దిపాటిదే, అది పొట్టి గీతను పొడుగు చెయ్యలేదు. అసలు ముద్దాయిలు వేరే ఉన్నారు. ఒకటి, పేజీని తెల్లగా తోమే స్కానింగ్ ఆప్: పెన్సిల్ గీత చివరల్లో పలచబడుతుంది, ఆ చివరలను అది కాగితం మీది మచ్చనుకుని తుడిచేస్తుంది. రెండు, రూళ్ళ నోట్‌బుక్కు: పిల్లాడి గీత అచ్చు గీత మీద పడితే అది పేజీ అంచు దాకా సాగినట్టుంటుంది.

గీతలు రెండూ మొండికేసినప్పుడు సమాన గుర్తును అడగాలి. అది అసలు గీతకు ఎదురుగానే నిలబడుతుంది, ఫోన్ ఎటు వంగినా ఆ చోటు వదలదు. ఫొటోలో అది పై గీతకు ఎదురుగా ఉంటే ఎనిమిది, కింది గీతకు ఎదురుగా ఉంటే రెండు. అచ్చు పుస్తకమైతే మరో ఆధారం కూడా ఉంటుంది: లోపలి భిన్నంలో అంకెలు సాధారణంగా చిన్నవిగా ఉంటాయి. పిల్లల చేతిరాతలో ఆ భరోసా పెట్టుకోవద్దు. అయితే మన తల్లిదండ్రులు ఫొటో నీట్‌గా ఉండాలని భిన్నం అంచుల దాకా కత్తిరించి పంపుతారు. ఆ కత్తిరింపులో మొట్టమొదట పోయేది సమాన గుర్తే.

కాబట్టి ప్రతిపాదన: సమాన గుర్తు లేని ఫొటోలను ఉపసంఘం స్వీకరించరాదు. ఫిల్టర్ వెయ్యని అసలు ఫొటో, పేజీలో ఆ వరస మొత్తం కనిపించేలా పంపాలి. రెండు గీతలకన్నా ఎక్కువున్న భిన్నాలకు ప్రత్యేక సమావేశం జరపాలి, ఎందుకంటే 24, 4, 3, 2 ఒకదాని కింద ఒకటి, మధ్య మూడు గీతలతో వస్తే చదివే పద్ధతులు అయిదు, జవాబులు నాలుగు: 1, 4, 9, 36. మన అపార్ట్‌మెంట్లో బ్లాకులు సరిగ్గా నాలుగే ఉన్నాయి కనుక కోరం సమస్య రాదు.