సవరణ: ఊతకర్రల లెక్కలో నా తప్పు

"30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు స్లాబు. మూడడుగులకొక ఊతకర్ర పెడితే ఎన్ని కావాలి?"

ఈ ప్రశ్నకు జవాబుగా, ఒక్కో కర్రకు 3 × 3 = 9 చదరపు అడుగులనుకుని, 600 చదరపు అడుగులను 9తో భాగించి 67 అని రాశాను. అది తప్పు. ఆ లెక్కతో కర్రలు తెప్పించుకున్నవారు దయచేసి స్లాబు పోయకముందే సరిచూసుకోండి.

వరుసలు లెక్కపెట్టాలి. పొడవున 10 ఖాళీలు, అంటే 11 కర్రలు. వెడల్పున 20ని 3తో భాగిస్తే 6.67 వస్తుంది, దాన్ని 7 ఖాళీలుగా తీసుకుంటే 8 వరుసలు. 11 × 8 = 88. గోడ పక్కనున్న కర్ర సగం విస్తీర్ణాన్నే మోస్తుంది, మూలకర్ర పావువంతే. అయినా అవి ఉండి తీరాలి. నా భాగహారం వాటిని మింగేసింది.

కర్రలు చాలకపోతే మేస్త్రి దూరం పెంచుతాడు. ఒకవైపు మూడడుగులు నాలుగైతే కర్ర మీద బరువు మూడోవంతు పెరుగుతుంది, పైనున్న అడ్డకర్ర వంగుతుంది. రేకులు విప్పాక గోడ నుంచి గోడకు దారం లాగి చూస్తే పొట్ట దిగిన చోటు తెలిసిపోతుంది.

అడ్డకర్రలు కూడా వరుసకు మూడు చాలవు. పదడుగుల కర్రలను ఒకదాని చివర ఇంకొకదానితో అడుగు మేర కలిసేలా అతికిస్తే అతుకులు 9, 18, 27 అడుగుల దగ్గర, సరిగ్గా ఊతల మీద పడతాయి. వరుసకు నాలుగు, మొత్తం 32. దూలాల కింది ఊతలు, పక్కబిగింపు కర్రలు ఇందులో లేవు.