నరం మీద నరం

(బియ్యం బస్తా వంటింటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. సుబ్బారావు హాల్లో దివాన్ మీద అడ్డంగా పడి ఉన్నాడు. కామేశ్వరి 30 ఏళ్లు ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరైంది. ఇప్పుడామెకున్న పేషెంటు ఒక్కడే.)

సుబ్బారావు: కామేశ్వరీ! నరం మీద నరం ఎక్కేసింది! నడుం నుంచి కాల్లోకి దిగిపోతోంది! అమ్మాయికి ఫోన్ చెయ్యి!

కామేశ్వరి: నరం మీద నరం ఎక్కడానికి అవేమన్నా గోడెక్కే మేకలా? బస్తా జరపమన్నాను గానీ ఎత్తమన్నానా? సరే, నొప్పి ఎక్కడిదాకా పోతోందో వేలితో చూపించండి.

సుబ్బారావు: (పిర్ర మీద అరచెయ్యి పరిచి) ఇదుగో, ఇక్కడ... తొడ వెనకంతా...

కామేశ్వరి: వేలంటే అరచెయ్యి వేస్తారేం? మోకాలు దాటిందా?

సుబ్బారావు: దాటబోతోంది.

కామేశ్వరి: దాటలేదన్నమాట. (నడుం పక్కన బొటనవేలితో నొక్కి) ఇక్కడ?

సుబ్బారావు: చంపేశావే! తొడలోకి కూడా లాగింది!

కామేశ్వరి: కండరం పట్టేసి ఉండలా గట్టిపడింది. దాన్ని నొక్కితే నొప్పి పిర్రలోకీ తొడలోకీ పాకుతుంది. అంతమాత్రాన నరం కాదు. దగ్గితే ఎలా ఉంది?

సుబ్బారావు: నడుంలో కలుక్కుమంటోంది.

కామేశ్వరి: కాల్లోకి కరెంటు కొట్టినట్టు పోతోందా? తిమ్మిరి, మొద్దుబారడం?

సుబ్బారావు: (ఆశగా) అవన్నీ ఉండాలా?

కామేశ్వరి: అన్నీ ఉండాలని లేదు. మీకు ఒక్కటీ లేదు. వెల్లకిలా పడుకోండి. మోకాలు వంచకుండా కాలు నేనే లేపుతాను, మీరు బిగబట్టకండి.

సుబ్బారావు: ఆఁ! తొడ వెనక లాగుతోంది!

కామేశ్వరి: పదేళ్లుగా కుర్చీ దిగని మనిషికి లాగదా మరి? నరమైతే కాలు సగం లేచేలోపే పిక్కలోకో పాదంలోకో జివ్వుమనాలి. అప్పుడు కాలు కొంచెం దించి పాదాన్ని మీ మొహం వైపు వంచితే మళ్లీ జివ్వుమంటుంది. ఇదుగో, వంచాను. ఏమైనా ఉందా?

సుబ్బారావు: ...లేదు.

కామేశ్వరి: ఉత్త పట్టు. పావుగంట వేడి కాపడం పెట్టుకుని ఇంట్లోనే మెల్లగా తిరగండి. పడుకుంటే ఇంకా బిగుస్తుంది.

సుబ్బారావు: పడుకోవడం కూడా లేదా! అదేం వైద్యమే!

(కామేశ్వరి వంటింట్లోకి వెళ్లి పోపు వేసింది. ఎండుమిర్చి ఘాటు. గట్టిగా ఒక తుమ్ము. వెంటనే గట్టు పట్టుకుని నిలబడిపోయింది.)

సుబ్బారావు: ఏమైంది?

కామేశ్వరి: ఏం లేదు. పట్టు.

సుబ్బారావు: (నడుం పట్టుకుని లేచి వచ్చి) వేలితో చూపించు.

కామేశ్వరి: నాకే పరీక్షా!

సుబ్బారావు: చూపించు.

(ఎడమ పిర్ర నుంచి తొడ పక్కగా, పిక్క బయటి వైపుగా, పాదం పైనుంచి బొటనవేలిదాకా ఆమె వేలు సన్నగా గీత గీసినట్టు వెళ్లింది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.)

సుబ్బారావు: నాది దుప్పటి, నీది దారం. నడుం నొప్పి ఎక్కువా, కాలు నొప్పి ఎక్కువా?

కామేశ్వరి: కాలే. కూర్చుంటే మరీను. రెండు వారాలైంది. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో సర్దుకుంటుందని ఊరుకున్నాను.

సుబ్బారావు: నిన్నటినుంచి ఎడమ చెప్పు జారిపోతోందంటున్నావు.

కామేశ్వరి: చెప్పు పాతదైంది.

సుబ్బారావు: రెండూ ఒకే రోజు కొన్నాం. కుడిది జారట్లేదే?

(ఆమె దగ్గర దీనికి జవాబు లేదు.)

సుబ్బారావు: మడమల మీద నాలుగడుగులు వెయ్యి. నువ్వు పేషెంట్ల చేత వేయించేదానివిగా.

(కుడి పాదం ముందుభాగం లేచింది. ఎడమది టప్పున నేలకు తగిలింది.)

కామేశ్వరి: (మెల్లగా) అయిదో పూస దగ్గర నరం. నొప్పి ఒక్కటే అయితే ఆగి చూడొచ్చు. బలం తగ్గితే ఆగకూడదు. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం.

సుబ్బారావు: ఇప్పుడే పోదాం!

కామేశ్వరి: ఒంటేలు రాకుండా బిగిసినా, పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, రెండు కాళ్లకీ పాకినా ఈ క్షణమే పరిగెత్తాలి. అవేమీ లేవు. ముందు ఆ పోపు చూడండి, మాడింది.

సుబ్బారావు: (స్టవ్ ఆపి, ఫోన్ తీసి) అమ్మాయ్! మీ అమ్మకి నరం నొక్కుకుందే! రేపు డాక్టరు దగ్గరికి... ఆఁ? నాకేమైందా? (గొంతు తగ్గించి) నాకేముంది, ఉత్త పట్టేనట.