తుర్రుకు కమిటీ ఆమోదం

టీమ్‌కు గుర్తుగా పెట్టుకునే బొమ్మకు, అదే మస్కట్‌కు, పేరు పెట్టేటప్పుడు పిల్లల్ని అడగకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. పిల్లల్ని అడిగితే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఐదు నిమిషాల్లో అయిపోయే పనికి కమిటీ ఎందుకు, కమిటీ లేకపోతే సమోసాలు ఎందుకు, సమోసాలే లేకపోతే ఆదివారం పూట అంతమంది పెద్దమనుషులు స్కూలుకెందుకొస్తారు? అందుకే మన హైదరాబాద్‌లో స్కూలు టీమ్‌కైనా, మారథాన్ పేరు చెప్పి పిల్లలకు పెట్టే చిన్న పరుగుకైనా మస్కట్ పేరు పెద్దవాళ్ళే నిర్ణయిస్తారు. అది స్ఫూర్తి అనో, చైతన్య అనో, విజయ్ అనో ఉంటుంది. ముఖ్య అతిథి విని తల ఊపుతారు. పిల్లలు మాత్రం మైదానంలో దాన్ని "ఏయ్ కోడీ" అని పిలుస్తారు.

నాకు దగ్గరగా తెలిసిన కేసు ఒకటుంది. స్కూలు పేరు చెప్పను, ఇంకా ఫీజు వాయిదాలున్నాయి. వాళ్ళ పరుగు టీమ్‌కు మస్కట్‌గా పాలపిట్టను ఎంచుకున్నారు, ఆ మాటకొస్తే మంచి ఎంపికే. 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజు కనిపిస్తే శుభమని మనవాళ్ళు ఊరి బయటికెళ్ళి మరీ చూసొస్తారు. (అంత దూరం వెళ్ళలేని వాళ్ళకోసం దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపించే మహానుభావులూ ఉన్నారు, ఆ శుభం పిట్టకు వర్తించదు.) కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపు గోధుమరంగులో నలుగురిలో ఒకటిలా ఉంటుంది, రెక్క విప్పిందా నీలం రంగు భళ్ళున బయటపడుతుంది. పరిగెత్తే టీమ్‌కు ఎగిరే పిట్ట ఏంటని ఒక సభ్యుడు అడిగారు గానీ, సమోసాలు రావడంతో ఆ చర్చ అక్కడితో ఆగింది.

పేరు దగ్గరే పేచీ వచ్చింది. కమిటీ ఏకగ్రీవంగా "స్ఫూర్తి" అంది. స్పాన్సర్ తరఫున వచ్చినాయన తమ నీళ్ళ ఫిల్టర్ పేరు కలిసేలా ఏదైనా ఉంటే బాగుంటుందన్నారు, అది మినిట్స్‌లో రాసుకున్నారు. ఆ రోజే పీఈటీ సార్ ఒకటో తరగతి పిల్లల్ని గ్రౌండ్‌కి తీసుకెళ్ళి, అటు చివర బొమ్మ పట్టుకుని నిలబడి, ఇటు నుంచి పిలవమన్నారు. ఇదే అరుపు పరీక్ష. రూపాయి ఖర్చు లేదు కాబట్టే ఎవరూ చెయ్యరు.

ఐదేళ్ళ పిల్ల నోట్లో "స్ఫూ" పట్టదు. స, ఫ కలిసి ఒత్తు, దాని మీద దీర్ఘం, వెంటనే "ర్తి". పిల్లలకు ముందుగా పలికేవి ప, బ, మ లాంటి పెదవుల అక్షరాలు. సంయుక్తాక్షరాలు, ర, మహాప్రాణాలు తర్వాతెప్పుడో వస్తాయి. దాంతో ముప్పై గొంతులు కలిసి "పూర్తీ! పూర్తీ!" అని అరిచాయి. పోటీ మొదలవ్వకముందే సొంత టీమ్ పూర్తయిపోయిందని ప్రకటించడం క్రీడాస్ఫూర్తికి పరాకాష్ట అని నేను కమిటీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

మన ఇళ్ళల్లో ముద్దుపేర్లు చూడండి. బుజ్జి, చిట్టి, చిన్ని, బన్ను. అన్నీ రెండక్షరాలే, ముందు ఒక పొట్టి అక్షరం, మధ్యలో ఒక ద్విత్వం, చివర ఇకారమో ఉకారమో. పిలిచేటప్పుడు ఆ చివరి అచ్చును ఎంత దూరమైనా సాగదీయొచ్చు: బుజ్జీ... చిట్టీ... వీధి చివరిదాకా వెళ్తుంది. ఈ అచ్చును ఏ కమిటీ పొయ్యలేదు, అమ్మమ్మలు పోశారు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఏనుగు పిల్ల పేరు కూడా ఈ అచ్చులోదే, అప్పు. మలయాళీలు పిల్లల్ని ముద్దుగా పిలుచుకునే పేరు. మన తెలుగు కమిటీ ముందుకొచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి, "అప్పు అంటే రుణం కదండీ, దేశ ప్రతిష్ఠ ఏం కావాలి" అని రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు గారు లేచి నిలబడేవారు. దేశమంతా పిల్లలు మాత్రం ఆ పేరు పట్టుకున్నారు, రెండేళ్ళ తర్వాత ఢిల్లీలో దాని పేరుతోనే అప్పు ఘర్ అని పార్కు కూడా వచ్చింది. 2003లో మన ఊళ్ళోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల మస్కట్ షేరూ, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల పులి షేరా. మోసేది ఏ భాషైనా రెండక్షరాల పల్లకీనే. అమెరికావాళ్ళు 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు వాటిజిట్ అని పెట్టి, తర్వాత తామే దాన్ని ఇజ్జీ అని కత్తిరించుకున్నారు.

సరే, స్ఫూర్తి పోయింది. తర్వాత పిట్ట కాబట్టి "పిట్టు" అన్నారు. అరుపు పరీక్షలో నూటికి నూరు మార్కులు. కానీ ఇది హైదరాబాదండీ. ఇక్కడ ఏ పేరైనా తెలుగులో ఒకసారి, హిందీ-ఉర్దూలో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి పుడుతుంది. ఆరో తరగతి కుర్రాడొకడు నెమ్మదిగా చెప్పాడు, "సార్, అవతలి టీమోళ్ళు పిట్టు పిట్ గయా అంటరు." అంటే తన్నులు తిన్నాడని. ప్రాస కుదిరింది, తాళం కుదిరింది, ప్రత్యర్థులకు నినాదం మనమే రాసిచ్చినట్టయింది. "బుల్లి" అనుకున్నారు, ఇంగ్లిషులో అది తోటి పిల్లల్ని ఏడిపించేవాడు. స్కూలు గోడ మీద వాళ్ళను సహించబోమని పెద్ద పోస్టర్ ఉంది, దాని పక్కనే ఈ బ్యానరా?

"నీలు" అని ఒక టీచర్ సూచించారు. మూడు భాషల్లోనూ శుభ్రంగా ఉంది. అయితే పేరు ఖాయం చేసే ముందు చూడాల్సిన మహాగ్రంథం ఒకటుంది, హాజరు పట్టీ. నాలుగో తరగతిలో ఒక నీలిమ ఉంది. మస్కట్ డ్రెస్ వేసుకున్నవాడు ఎక్కడ కాలు జారి పడ్డా సోమవారం ఆ పిల్ల ఏడుస్తుంది. ఈ చిన్న లెక్క చూడక ఒక పిల్లకు ఏడాదంతా పాడు చేసిన టీమ్‌లు లేవనుకోకండి.

ఇక్కడ కొందరు ఆధునికులు లేచి, ఆన్‌లైన్‌లో పోటీ పెట్టండి, ఊరంతా ఓటేస్తుంది అన్నారు. 2016లో బ్రిటన్‌లో ఒక పరిశోధన నౌకకు అలాగే పేరడిగితే జనం బోటీ మెక్‌బోట్‌ఫేస్‌ను గెలిపించారు, ప్రభుత్వం సిగ్గుపడి నౌకకు డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టి, ఆ గెలిచిన పేరును లోపలుండే చిన్న జలాంతర్గామికి తగిలించింది. మన ఊళ్ళో ఆ పోటీ పెడితే ఏ పేరు గెలుస్తుందో నాకు తెలుసు, దమ్ బిర్యానీ. పక్షికి ఆ పేరు పెట్టడం కాస్త క్రూరంగా ఉంటుంది.

2020 ఒలింపిక్స్ మస్కట్ దగ్గర టోక్యోవాళ్ళు తెలివిగా చేశారు. ముందు మూడు జంటల బొమ్మలకు కుదించి, ప్రాథమిక పాఠశాలల పిల్లలకే ఓటిచ్చారు, అదీ పిల్లవాడికో ఓటు కాదు, తరగతికో ఓటు. దాంతో ప్రతి తరగతిలో వాళ్ళే కూర్చుని కొట్లాడుకుని ఒక మాట మీదికి రావాలి. రెండు లక్షలకు పైగా తరగతులు ఓటేశాయి, 2018 ఫిబ్రవరిలో ఫలితం వచ్చింది. అంతా బాగుంది, ఇక పేర్లు మాత్రం పెద్దలు పెట్టారు. గెలిచిన జంటలో ఒకదాని పేరు మిరాయిటోవా, భవిష్యత్తు, శాశ్వతత్వం అనే రెండు మాటలు అతికిస్తే వచ్చింది. కమిటీ అన్నది ఒకే జాతి, దేశాలు వేరు అంతే.

మళ్ళీ మన పిట్ట దగ్గరికి. మూడో తరగతి పిల్లాడు (వాణ్ణి ఎవరూ అడగలేదు, సమోసా కోసం వచ్చాడు) బొమ్మ చూసి అన్నాడు, "పిట్ట తుర్రుమంటది కదా సార్. తుర్రు అని పెట్టండి."

కమిటీ గంభీరంగా అభ్యంతరం చెప్పింది. తుర్రుమనడమంటే పారిపోవడం, ఇది పిల్లలకు ఏం సందేశం ఇస్తుంది? పరుగు పందెంలో అవతలివాళ్ళకంటే ముందు తుర్రుమనడమే కదా పని అని పీఈటీ సార్ గొణిగారు. "ర్రు" చిన్నపిల్లలకు తిరగదు, నిజమే, ఎల్‌కేజీవాళ్ళు "తుల్లు" అన్నారు. కానీ ఒప్పుకోవాల్సిన తప్పు అది, ఎందుకంటే తుల్లు అన్నా అది తుర్రేనని అందరికీ తెలుస్తుంది, స్ఫూర్తి తప్పినప్పుడు వచ్చింది ఇంకో మాట. పెద్ద పిల్లలకైతే ఆ ర్ర్ర్ర్ అనడమే ఆట. ఉర్దూలో తుర్రా అంటే తలపాగా మీది కుచ్చు, పిట్ట నెత్తిన పెట్టడానికి డిజైనర్‌కు అలంకారం కూడా దొరికింది. పైగా గొప్పలకు పోయేవాణ్ణి మనం తుర్రం ఖాన్ అంటాం కదా, ఆ మాట 1857 జులై 17న కోఠి రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ నుంచి వచ్చిందని మన ఊళ్ళో చెప్పుకుంటారు. ఆయన జైలు నుంచి కూడా తుర్రుమన్నాడు. ఇది వినగానే దేశభక్తి కారణంగా ఇద్దరు సభ్యులు పక్షం మారారు.

చివరి పరీక్ష జ్ఞాపకం. పిల్లల్ని "పేరు బాగుందా?" అని అడగడం దండగ, టీచర్ అడిగితే దేనికైనా బాగుంది టీచర్ అంటారు. తలా ఒక పేరుతో ఒకే బొమ్మను వేర్వేరు సెక్షన్లకు ఒక్కసారి చూపించి, మళ్ళీ ఆ ఊసే ఎత్తకుండా వారం ఆగి, "దీని పేరేంటి" అని అడగాలి. తుర్రు విన్న సెక్షన్‌లో దాదాపు అందరూ చెప్పారు, విననివాళ్ళు కూడా చెప్పారు, బస్సులో అంటుకుందట. స్ఫూర్తి విన్న సెక్షన్‌లో ఒక్కరు "ఏదో పూర్తి" అన్నారు, మిగతావాళ్ళు కోడి.

బ్యాంకు ఆఫీసరు గారు ట్రేడ్‌మార్క్ కూడా చూడాలన్నారు, సరైన మాట ఆయన ఒక్కటే అన్నారు. రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, పోటీలకు 41వ క్లాసు, టీషర్టులకు 25, బొమ్మలకు 28. "మన దగ్గర పదో క్లాసు దాకానే ఉంది కదండీ" అని ఇంకో సభ్యుడు సందేహపడ్డారు, అది కూడా మినిట్స్‌లో ఉంది.

ఆఖరికి కమిటీ తీర్మానం వచ్చింది. మస్కట్ అధికారిక నామం "స్ఫూర్తి విహంగ తేజ తుర్రు", దాని కింద ఫిల్టర్ కంపెనీ లోగో. ఫ్లెక్స్ షాపతను అంత పేరు బ్యానర్‌లో పట్టదన్నాడు, పట్టాలంటే లోగో చిన్నది చెయ్యాలన్నాడు. స్పాన్సర్ తరఫు ఆయన వెంటనే లేచి, పేరు చివరి మాట ఒక్కటి చాలు, పిల్లల మనోభావాలే మాకు ముఖ్యం అని ప్రకటించారు.