ఒక గ్రాము కాయిన్, రెండు కోతలు

ఆమధ్య ఒక అక్షయ తృతీయకు ఒక గ్రాము 24 క్యారెట్ల బంగారు కాయిన్ కొన్నాను. ఆ రోజు బోర్డు రేటు 7,000. తయారీ ఖర్చని 350 కలిపారు, ఆ మొత్తంపై 3 శాతం జీఎస్టీ మరో 220. చేతి నుంచి పోయింది 7,570.

కొన్నాళ్లకు డబ్బు అవసరమై అదే షాపుకు తీసుకెళ్లాను. బోర్డు మీద 7,700 చూసి మనసులో లాభం లెక్కేసుకున్నాను. కౌంటర్‌లో అబ్బాయి కత్తెరతో ప్యాకెట్ కత్తిరించి, మెషీన్‌లో పెట్టి, "ప్యూరిటీ ఓకే సార్" అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపే, "అది మేం అమ్మే రేటు, కొనే రేటు 7,550" అన్నాడు. దాని మీద మళ్లీ 2 శాతం తరుగట! కరిగించని కాయిన్‌కు తరుగేంటి బాబూ అంటే, "కంపెనీ రూల్ సార్".

చేతికొచ్చింది 7,399. రేటు 10 శాతం పెరిగినా నాకు 171 రూపాయలు నష్టం! ఈ కోతలు దాటి పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే ఆ రోజు బోర్డు రేటు 7,875 దాటి ఉండాలి. తయారీ ఖర్చు, జీఎస్టీ ఎలాగూ తిరిగి రావు. పెద్ద కాయిన్లకు గ్రాముకు తయారీ ఖర్చు బాగా తక్కువ పడుతుంది. ఒక్కో గ్రామే కూడబెట్టే మనలాంటివాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ.

కొనేటప్పుడు కూల్‌డ్రింక్ ఇచ్చారు. అమ్మేటప్పుడు మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.