వ్యూ ఎక్కడిది? యూట్యూబ్ స్టూడియోలో ఆ నాలుగు పేర్లు నిజంగా చెప్పేదేమిటి

మిరప రైతుల కోసం చానెల్ నడిపే ఓ కుర్రాడు ఆ మధ్య రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్. "అన్నా, తామర పురుగు వీడియోకి మొదటి వారం 12 వేల వ్యూస్ వచ్చాయి. నాలుగో వారం 6 వేలే. బ్రౌజ్ అయితే మరీ పడిపోయింది. యూట్యూబ్ నన్ను పక్కన పెట్టేసిందా?" అని అడిగాడు. స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. చూశాక నాకు కనిపించిన సంగతి వేరు. ఆ వీడియో చావలేదు. పైగా నెల కిందటి కంటే ఇప్పుడే సరైన మనుషులకు చేరుతోంది. అతను లెక్కను చదివిన తీరులోనే తప్పుంది. ఆ తప్పు అతనొక్కడిదే కాదు. చిన్న చానెళ్లు నడిపే చాలామంది ట్రాఫిక్ సోర్స్ పట్టికను మార్కుల మెమోలా చదువుతున్నారు.

ఆ పట్టిక చెప్పేది ఒక్కటే: వీడియో మొదలయ్యే ముందు చూసే మనిషి ఎక్కడున్నాడు? యూట్యూబ్ యాప్ తెరిచి హోమ్ స్క్రీన్ మీద కనబడినదాన్ని నొక్కితే అది బ్రౌజ్. సబ్‌స్క్రిప్షన్స్ పేజీ నుంచీ, తర్వాత చూద్దామని దాచుకున్న లిస్టు నుంచీ వచ్చినవి కూడా బ్రౌజ్‌లోకే పోతాయి. వేరే వీడియో చూస్తుండగా పక్కనో కిందో కనబడితే నొక్కినా, అది అయిపోయాక వరసలో వచ్చినా సజెస్టెడ్. యూట్యూబ్‌లోనే టైప్ చేసి వెతికితే సెర్చ్. వాట్సాప్, ఫేస్‌బుక్, ఏదైనా వెబ్‌సైట్ నుంచి లింకు పట్టుకుని వస్తే ఎక్స్‌టర్నల్. గూగుల్‌లో వెతికి వచ్చినవాళ్లు సెర్చ్‌లో కాదు, ఎక్స్‌టర్నల్‌లో ఉంటారు. ఈ ఒక్క ముక్క తెలియక, తమకు గూగుల్ నుంచి ఎవరూ రావడం లేదనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఇప్పుడు ఆ కుర్రాడి లెక్క చూద్దాం. చెప్పడానికి వీలుగా అంకెలను గుండ్రం చేస్తున్నాను. మొదటి వారం 12,000లో ఎక్స్‌టర్నల్ 4,800, బ్రౌజ్ 3,000, సెర్చ్ 1,800, సజెస్టెడ్ 1,200. నోటిఫికేషన్లు, చానెల్ పేజీ వగైరా కలిపి మిగతా 1,200. నాలుగో వారం 6,000లో సెర్చ్ 3,600, బ్రౌజ్ 900, సజెస్టెడ్ 900, ఎక్స్‌టర్నల్ 300, మిగతావి 300.

మొత్తం సగానికి పడింది నిజమే. కానీ పడిందేమిటి, పెరిగిందేమిటి? సెర్చ్ రెట్టింపైంది. బాగా పడింది ఎక్స్‌టర్నల్. ఎందుకు పడిందో అతనికే తెలుసు. వీడియో పెట్టిన రోజు లింకును ముప్పై నలభై రైతుల వాట్సాప్ గ్రూపుల్లో వేశాడు, తర్వాత వేయలేదు. గ్రూపులో లింకు బతికేది ఒకటి రెండు రోజులే. ఆ తర్వాత వంద మెసేజ్‌ల కింద పూడిపోతుంది. ఆ 4,800 యూట్యూబ్ ఇచ్చినవి కావు, అతను చేత్తో తోసి తెచ్చుకున్నవి. తోయడం ఆపితే ఆగిపోతాయి. దాన్ని చూసి యూట్యూబ్ పక్కన పెట్టేసిందనుకోవడం పొరపాటు.

ఎక్స్‌టర్నల్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే చిన్న చానెళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కంప్యూటర్‌లో వీడియో అనలిటిక్స్ తెరిచి అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళితే ఒక్కో సోర్స్ ఎదురుగా సగటున ఎంతసేపు చూశారో ఉంటుంది. ఇతని వీడియో 8 నిమిషాలది. ఎక్స్‌టర్నల్ నుంచి వచ్చినవాళ్లు సగటున 1 నిమిషం 10 సెకన్లు చూశారు. సెర్చ్ నుంచి వచ్చినవాళ్లు 4 నిమిషాల 30 సెకన్లు. గుణించి చూడండి. మొదటి వారంలో 4,800 ఎక్స్‌టర్నల్ వ్యూస్ కలిపి 93 గంటల వాచ్ టైమ్. 1,800 సెర్చ్ వ్యూస్ కలిపి 135 గంటలు. ఎక్స్‌టర్నల్‌తో పోలిస్తే సెర్చ్ వ్యూస్ మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, చూసిన సమయం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

కారణం కష్టమైనదేమీ కాదు. గ్రూపులో లింకు నొక్కినవాడిలో పత్తి రైతూ ఉంటాడు, ఊరికే చూసేవాడూ ఉంటాడు, బస్సులో వెళ్తూ తెరిచి దిగాల్సిన చోటు రాగానే మూసేసేవాడూ ఉంటాడు. వెతుక్కుంటూ వచ్చినవాడి చేనులో మాత్రం అప్పటికే ఆకు ముడుచుకుపోయి ఉంది. అతనికి మందు పేరు, మోతాదు తెలిసేదాకా కదలడు. అందుకే, డబ్బు తీసుకుని లింకులు పంచి వ్యూస్ తెస్తామనేవాళ్లు స్క్రీన్‌షాట్ చూపిస్తే మొత్తం వ్యూస్ చూడకండి. ఎక్స్‌టర్నల్ ఎదురుగా ఉన్న సగటు సమయం చూడండి. అది పది పదిహేను సెకన్లే ఉంటే, మీరు కొన్నది ప్రేక్షకుల్ని కాదు.

ఎక్స్‌టర్నల్‌ను తెరిస్తే లోపల ఏ సైటు, ఏ యాప్ అన్నది విడిగా కనిపిస్తుంది. వాట్సాప్ పేరు కూడా ఉంటుంది. అయితే ఎక్కడి నుంచి వచ్చిందో యూట్యూబ్ పట్టుకోలేని రాక కొంత ఉంటుంది. లింకును నేరుగా బ్రౌజర్‌లో అతికించి తెరిచినా, ముందే బుక్‌మార్క్ చేసుకుని తెరిచినా అది డైరెక్ట్ లేదా అన్‌నోన్ అనే ఖాతాలో పడుతుంది. లింకులు పంచిన రోజే ఆ ఖాతా కూడా ఎగిసిందంటే, అందులో కొంత మీ గ్రూపులదే అనుకోవచ్చు.

ఇక అతన్ని అంతగా భయపెట్టిన బ్రౌజ్. 3,000 నుంచి 900కు రావడం చూడ్డానికి పెద్ద దెబ్బే. దాన్ని కూడా తెరిపించాను. లోపల హోమ్ ఎంత, సబ్‌స్క్రిప్షన్స్ ఎంత అని విడివిడిగా ఉంటుంది. మొదటి వారం సబ్‌స్క్రిప్షన్స్ నుంచి మంచి వాటా వచ్చింది. నాలుగో వారానికి అది దాదాపు సున్నా. ఆ పేజీలో కొత్త వీడియోలు పైన, పాతవి కింద. మూడు వారాల నాటి వీడియో కోసం అంత కిందికి ఎవరు వెళ్తారు? అది ప్రతి వీడియోకీ జరిగేదే. హోమ్ తగ్గడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. అక్కడ చూడాల్సింది వ్యూస్ కాదు, ఇంప్రెషన్లు, వాటి మీద క్లిక్ శాతం.

వీడియో థంబ్‌నెయిల్ బొమ్మ కనీసం సగం, ఒక సెకను కంటే ఎక్కువసేపు తెర మీద ఉంటేనే యూట్యూబ్ దాన్ని ఇంప్రెషన్‌గా లెక్కిస్తుంది. మొదటి వారం బ్రౌజ్‌లో 60,000 ఇంప్రెషన్లు, క్లిక్ 5 శాతం. నాలుగో వారం 20,000 ఇంప్రెషన్లు, క్లిక్ 4.5 శాతం. అంటే బొమ్మ పెద్దగా మొహం మొత్తలేదు, చూపించడమే తగ్గింది. ఇది తిరగబడి, ఇంప్రెషన్లు 60,000 దగ్గరే ఉండి క్లిక్ 1.5 శాతానికి పడి ఉంటే నేనే బొమ్మ, టైటిల్ మార్చమనేవాణ్ణి. వ్యూస్ రెండు సందర్భాల్లోనూ 900 దగ్గరే ఉంటాయి, రోగాలు మాత్రం వేరు. సగం చానెళ్లకు, వీడియోలకు ఈ క్లిక్ శాతం 2 నుంచి 10 మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది కాబట్టి పక్క చానెల్‌తో పోల్చుకుని కుంగిపోవడం అనవసరం. ఇంకో విషయం, బయట వాట్సాప్‌లోనో వెబ్‌సైట్లోనో కనబడిన బొమ్మ ఇంప్రెషన్ల లెక్కలోకి రాదు. అందుకే ఎక్స్‌టర్నల్ ఎదురుగా క్లిక్ శాతం వెతికితే దొరకదు.

సజెస్టెడ్ దగ్గర శాతాల మాయ ఒకటుంది. మొదటి వారం అది 10 శాతం, నాలుగో వారం 15 శాతం. "ఇది కూడా పెరిగిందన్నా" అని అతను కాస్త ఊరట చెందాడు. కానీ వ్యూస్ 1,200 నుంచి 900కు తగ్గాయి. మొత్తం ఇంకా ఎక్కువగా తగ్గింది కాబట్టి వాటా పెరిగినట్టు కనిపించింది, అంతే. గుండ్రటి చార్టు చూస్తే ఈ పొరపాటు తప్పదు. గీత గ్రాఫ్‌లో రోజువారీ వ్యూస్ చూడాలి. సజెస్టెడ్‌ను తెరిచినప్పుడు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటే: పక్కన నిలబెట్టిన వీడియోలు మీవా, పరాయివా? ఇతనివి ఎక్కువగా తన పాత వీడియోలే. మిరపకు పట్టే నల్లి మీద చేసిన వీడియో చూసినవాళ్లు దీనికి వస్తున్నారు. వేరే చానెల్ వీడియో ఒక్కటే సగం తెచ్చిపెడుతుంటే, అది చల్లారిన రోజు మీదీ చల్లారుతుంది.

చివరికి మేం ఎక్కువసేపు కూర్చున్నది సెర్చ్ దగ్గర. దాన్ని తెరిస్తే జనం టైప్ చేసిన మాటలు ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తాయి. అతని టైటిల్ "మిరపలో తామర పురుగుల సమగ్ర యాజమాన్యం". రైతులు వెతికినవి చూడండి:

```
mirchi mudatha mandu
mirapa pai mudatha
mirchi nalla purugu mandu
మిరప ముడత మందు
```

సమగ్ర యాజమాన్యం అని ఒక్కరూ వెతకలేదు. తామర పురుగు అన్నవాళ్లూ తక్కువే. రైతుకు చేనులో కనబడేది ముడత, అతను వెతికేది మందు. టైప్ చేసేది చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ తలో స్పెల్లింగ్‌తో. ఇంత పనికొచ్చే జాబితా ఉచితంగా ఇస్తుంటే మనవాళ్లు దాన్ని తెరవకుండా వదిలేస్తున్నారే అని నాకు బాధ. అయితే అందులో అన్ని మాటలూ ఉండవు. మరీ కొద్దిమంది వెతికినవి యూట్యూబ్ చూపించదు కాబట్టి జాబితాను కూడితే సెర్చ్ మొత్తానికి సరిపోదు. అంకెలు కూడా రెండు రోజులు వెనకగా వస్తాయి, నిన్నటి గీత కిందికి వంగిందని కంగారు పడకూడదు.

జాబితాలో మరో సంగతి కనిపించింది. "mirapa kindi mudatha" అని వెతికి వచ్చినవాళ్లు సగటున 40 సెకన్లకే వెళ్లిపోతున్నారు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. కింది ముడత కోసం వచ్చినవాళ్లకు ఈ వీడియోలో జవాబు లేదు, వాళ్లు వెళ్లిపోవడమే న్యాయం.

ఆ రాత్రే టైటిల్‌ను "మిరప పై ముడత మందు: తామర పురుగు నివారణ" అని మార్చాడు. డిస్క్రిప్షన్ మొదటి లైన్లో "కింది ముడత అయితే ఈ వీడియో చూడండి" అని నల్లి వీడియో లింకు ఇచ్చాడు. ఆ లింకు నొక్కి వెళ్లినవాళ్లు నల్లి వీడియో లెక్కలో సజెస్టెడ్ కింద కనిపిస్తారని ముందే చెప్పాను, లేకపోతే వారం తర్వాత మళ్లీ రాత్రి పదింటికి ఫోన్ వచ్చేది.